శాంపిల్ 36 ఉంటే జెడ్ టెస్టా, టీ టెస్టా?

అనంతపురం బీఎస్సీ: "వేరుశనగ మూట సగటు బరువు 40 కిలోలు అంటున్నారు. 36 మూటలు తూస్తే సగటు 39.3, ఎస్.డి. 2.1 వచ్చింది. 5% లెవెల్‌లో పరీక్షించండి." n 30 దాటింది కదా, జెడ్ వేస్తే తప్పా?

కడప కోచింగ్: తప్పేం కాదు తమ్ముడూ. 30 దాటితే జెడ్, లోపల ఉంటే టీ. అంతకంటే ఆలోచించే పని లేదు.

ఆదోని లెక్కల సార్: ఆ 2.1 యాడ నుంచి వచ్చిందో ముందు చూడండప్పా. తూచిన 36 మూటల నుంచే వచ్చింది, అంటే అది σ కాదు, s. కాబట్టి టీ. వేసి చూద్దాం: 2.1ని √36తో భాగిస్తే 0.35. తేడా −0.7, దాన్ని 0.35తో భాగిస్తే −2.0. రెండు టెస్టులకూ ఇదే అంకె. పోలిక దగ్గరే తేడా:

```
qnorm(0.975)   # 1.96
qt(0.975, 35)  # 2.03
```

జెడ్ ప్రకారం 2.0 గీత దాటింది, 40 కిలోల మాట తోసేస్తారు. టీ ప్రకారం దాటలేదు. ఒకే బుడ్డల మూటలు, రెండు తీర్పులు! అదే ప్రశ్నలో "మూటలు నింపే మిషన్ ఎస్.డి. 2.1 అని ముందే తెలుసు" అని ఉంటే, 10 మూటలే తూచినా జెడ్డే, బరువులు నార్మల్‌గా ఉంటే చాలు.

కడప కోచింగ్: సార్, టేబుల్‌లో 30 తర్వాత 40కి దూకుతారు. 35 వరస లేకపోతే పిల్లోడు ఏం రాయాల?

ఆదోని లెక్కల సార్: 30 వరసే తీసుకోమనండి, 2.042. అది ఇంకాస్త కఠినం, కాబట్టి లేని తేడాను ఉందనే ప్రమాదం పెరగదు.

నంద్యాల అక్క: నా ప్రశ్నలో ఎస్.డి.నే ఇవ్వలేదు. 80% మొలుస్తాయన్న విత్తనాలు 200 వేస్తే 148 మొలిచినాయంట. σ తెలీదు కాబట్టి టీనే కదా?

ఆదోని లెక్కల సార్: కాదక్కా, ఇది సగటు కాదు, నిష్పత్తి. 0.8 అనుకుంటే ఎస్.డి. దాంట్లోనే దొరుకుతుంది: √(0.8×0.2/200), సుమారు 0.0283. 148 అంటే 0.74. −0.06ని దాంతో భాగిస్తే −2.12. జెడ్.

అనంతపురం బీఎస్సీ: సార్, మా నోట్సులో టీకి √n బదులు √(n−1) ఉంది. దాంతో −1.97 వస్తోంది.

ఆదోని లెక్కల సార్: ఎస్.డి. తీసేటప్పుడు n తో భాగించి ఉంటే √(n−1) సరి. n−1 తో భాగించి ఉంటే √n. రెండుచోట్లా తగ్గిస్తే తప్పు. మీ ప్రశ్నలో ఏది చేసినారో చెప్పలేదు, కానీ టీతో ఎట్లయినా గీత దాటదు.

కడప కోచింగ్: లెక్క ఒప్పుకుంటా. కానీ సిలబస్‌లో "లార్జ్ శాంపిల్ టెస్టులు" అనే పాఠం కింద ఇచ్చినారంటే దిద్దేవాళ్లు జెడ్ కోసమే చూస్తారు. మార్కులెవరు ఇస్తారు సార్?

ఆదోని లెక్కల సార్: ఆ పాఠం కిందే అడిగితే జెడ్ వేయి, "s ను σ కి బదులు వాడుతున్నా" అని ఒక లైను రాయి. పాఠం పేరు లేకుండా వస్తే నేను మాత్రం టీనే వేయమంటా.