ప్రసూతి సెలవు నుంచి వస్తున్న సహోద్యోగి కోసం పాలు తీసుకునే గది: ఇంకేం చూడాలి?

నమస్కారమండీ. మా ఆఫీసు రుషికొండలో. 26 వారాల ప్రసూతి సెలవు ముగించుకుని మా సహోద్యోగి వచ్చే సోమవారం చేరుతున్నారు. ఇల్లు గాజువాకలో, కాబట్టి మధ్యాహ్నం వెళ్లి బాబుకి పాలిచ్చి రావడం కుదరదు. ఇక్కడే పాలు తీసి దాచుకోవాలి.

బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు విరామాలు చట్టం ఇచ్చిన హక్కే. చిక్కల్లా చోటు దగ్గరే. బాత్‌రూమ్ చూపించడానికి నాకు మనసొప్పదు. స్టేషనరీ గది ఖాళీ చేయించాం. లోపలి గడియ, చేతులున్న కుర్చీ, పంపుకి ప్లగ్ పాయింట్, పక్కనే సింకు ఉన్నాయి. ఏసీ లేదు. తీసిన పాలు బయట నాలుగు గంటలు నిలవాలంటే వేడి 25 డిగ్రీలు దాటకూడదు. మన విశాఖ ఉక్కపోతలో ఆ లెక్క నమ్మలేం. ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటాయి గానీ, మా ప్యాంట్రీ ఫ్రిజ్ తలుపు రోజంతా ఎవరో ఒకరు తీస్తూనే ఉంటారు.

తలుపు అరలో కాకుండా లోపల వెనక్కి, పేరు రాసిన మూత డబ్బాలో పెడితే చాలా, చిన్న ఫ్రిజ్ విడిగా కొనాలా? ఇంటిదాకా ఐస్ ప్యాకుల సంచి సరిపోతుంది.

ఇంకొకటి, మీటింగులు. విరామం ఆలస్యమైతే రొమ్ములు బిగిసి నొప్పి పెడతాయి, పాలు కారి బట్టలు తడుస్తాయి. 11కీ, 3కీ అరగంట చొప్పున క్యాలెండర్‌లో మేమే ముందుగా బ్లాక్ చేసేయాలా, ఆవిడ్ని అడిగాకే పెట్టాలా? అందరి కళ్లూ పడకుండా ఆ సమయానికి ఏ పేరు రాస్తారు?