కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనివాడి వేళ్లకు సరిపోయే పాలసీ ఉందా?

అందరికీ నమస్కారం. 40 ఏళ్ల మా బావ కరీంనగర్‌లో వెండి ఫిలిగ్రీ పని చేస్తడు. నెలకు 30,000 వస్తయి, వేరే ఆదాయం లేదు. పనంతా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్యనే: వెంట్రుకంత సన్నటి వెండి తీగను చిమటాతో పట్టి చుట్టాలె.

25 లక్షల సరళ్ సురక్షా బీమా అనే ప్రమాద బీమా పాలసీ చూస్తున్నం. ప్రమాదంలో చూపుడువేలు పూర్తిగా పోతే పాలసీలోని పాక్షిక వైకల్యం పట్టిక ప్రకారం 10 శాతం, అంటే 2.5 లక్షలు. గుమాస్తాకైనా అంతే ఇస్తరు, బావకు మాత్రం అది ఎనిమిది నెలల సంపాదన. వేలు ఉండి వంగకపోతే ఆ పట్టిక కింద ఏమన్నా వస్తదా? శాశ్వత పూర్తి వైకల్యం కింద అడుగుదామంటే, ఏ పనీ చేయలేని స్థితి ఉండాలట. కౌంటర్‌లో కూర్చోగలిగితే క్లెయిమ్ నిలవదని నా భయం.

తాత్కాలిక వైకల్యం రైడర్ తీసుకుంటే వారానికి 0.2 శాతం, అంటే 5,000, గరిష్ఠంగా 100 వారాలు. ఇది తప్పక తీసుకోవాలనుకుంటున్నం.

అసలు చిక్కు జబ్బులతోని. నరం నొక్కుకుపోయి వేళ్లు తిమ్మిరెక్కితే అది ప్రమాదం కాదు, క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీలు డబ్బిచ్చే పెద్ద జబ్బుల జాబితాలోనూ ఉండదు. పక్షవాతం జాబితాలో ఉన్నా, నరాల లోపం 3 నెలలు దాటి ఉన్నట్టు ఆధారం చూపాలె.

‘తన సొంత వృత్తి చేయలేకపోతే’ అని వైకల్యాన్ని నిర్వచించే పాలసీ, జబ్బుకు కూడా వర్తించేది, ఎవరైనా చూసిన్రా? ఏజెంటు మాట కాదు, పాలసీ పత్రంలోని ఆ వాక్యం ఉన్నదున్నట్టు పెట్టండి. ప్రపోజల్ ఫారంలో వృత్తి దగ్గర ‘నగల వ్యాపారం’ అని రాయమని ఏజెంటు అంటున్నడు. చేతిపని అనే రాయించాలని నా పట్టుదల, లేకుంటే క్లెయిమప్పుడు అదే అడ్డం తిరుగుతది. సరైనదేనా?