బీపీ మాత్రతో పొడిదగ్గు: మనమే ఆపాలా, డాక్టరుకు చెప్పాలా?

అరండల్‌పేట వాసి: మా నాన్నగారికి బీపీకి రామిప్రిల్ 5 మిల్లీగ్రాముల మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాలకే పొడిదగ్గు పట్టుకుంది, రాత్రిళ్లు నిద్ర ఉండడం లేదు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తా కనుక ఇంట్లో అందరూ ఘాటు వల్లే అంటున్నారు. ఆయన మాత్రం బిళ్ళ మీద అనుమానంతో మానేస్తానంటున్నారు. డాక్టరు గారు రమ్మన్న తేదీ ఇంకా దూరంగా ఉంది. అప్పటిదాకా మానేయవచ్చా?

పటమట రావు: మానేయవచ్చనే నా అభిప్రాయం. పేరు చివర ‘ప్రిల్’ అని వచ్చే మాత్రలకు ఈ దగ్గు ఉన్నదే. పూర్తిగా మానడానికి భయమైతే సగానికి విరిచి వేయండి, దగ్గు కూడా ఆ మేరకు తగ్గుతుంది.

పాత ఫార్మసిస్టు: రావు గారు కారణాన్ని సరిగానే పట్టుకున్నారు, కానీ సగం మాత్ర సలహాను ఒప్పుకోలేను. ఈ మాత్ర ఏ ఎంజైమును అడ్డుకొని బీపీ తగ్గిస్తుందో, అదే ఎంజైము మన ఒంట్లో బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కూడా విరగ్గొడుతుంది. ఆ పని ఆగినప్పుడు అది శ్వాసనాళాల్లో పేరుకొని, కొందరికి గొంతులో ఎడతెగని గరగర, దగ్గు తెప్పిస్తుంది. ఇది మోతాదును బట్టి నమ్మకంగా తగ్గేది కాదు. సగం వేస్తే దగ్గు అలాగే ఉండి, బీపీ మాత్రం పెరిగే అవకాశమే ఎక్కువ. దగ్గు సిరప్పులతోనూ పెద్దగా ప్రయోజనం ఉండదు.

ఆ మాత్రను మీ నాన్నగారికి ఎందుకు రాశారన్నది అన్నిటికన్నా ముఖ్యం. షుగరు ఉండి మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, గుండె బలహీనపడినా, ఆ మాత్ర బీపీతో పాటు మూత్రపిండాలనో గుండెనో కాపాడటానికి కూడా ఇచ్చి ఉంటారు. మానేసి ఊరుకుంటే ఆ రక్షణ పోతుంది, పోయిన సంగతి ఇంట్లో ఎవరికీ కనిపించదు. చెబితే డాక్టరు సాధారణంగా టెల్మిసార్టన్, లోసార్టన్ వంటి ‘సార్టన్’ మాత్రకు మారుస్తారు. దాదాపు అదే పని చేసినా వాటితో ఈ దగ్గు చాలా అరుదు. ఇంట్లో ఎవరివో ఉన్నాయని రామిప్రిల్‌తో కలిపి వేయడం మాత్రం వద్దు, పొటాషియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

బ్రాడీపేట టీచరమ్మ: నాకూ బీపీ మాత్ర వేసుకుంటుండగానే దగ్గు వచ్చింది. నాది ఆమ్లోడిపిన్. మాత్రే కారణమనుకొని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చివరికి కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. కాబట్టి బీపీ మాత్రలన్నీ ఇంతేనని నా అనుమానం.

పాత ఫార్మసిస్టు: అమ్మా, ఆమ్లోడిపిన్‌తో ఎక్కువగా కాళ్ల వాపు వస్తుంది కానీ ఈ రకం దగ్గు రాదు. అయితే మీ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా, వేసుకునే మాత్ర ఏదైనా, డాక్టరుకు చెప్పి కళ్లె పరీక్ష అవసరమేమో అడగాలి.

పటమట రావు: డాక్టరు చేసేదీ ఆపడమే కదా. ఈ రకం మాత్ర ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకదని చదివాను. అలాంటప్పుడు కొద్ది రోజులు ముందు ఆపితే తప్పేమిటి?

పాత ఫార్మసిస్టు: ఆ మాట నిజమే, రామిప్రిల్ ఆపిన మర్నాడే ప్రమాదం ముంచుకురాదు. కానీ అటెనొలాల్, క్లొనిడిన్ వంటివి ఉన్నట్టుండి మానితే బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పెరుగుతాయి. ఈ చర్చ చదివి తన స్ట్రిప్ మీద ఏ పేరుందో చూడకుండానే మానేసే మనిషిని తలచుకుంటే నాకు భయం. పైగా చెప్పకుండా మానేస్తే చీటీలో ఎక్కడా నమోదు కాదు, మరో డాక్టరు ఎనలాప్రిల్ రాస్తే కథ మళ్లీ మొదలవుతుంది. తేదీ దూరమైతే ఈరోజే ఫోన్ చేయండి. మాత్ర ఎప్పుడు మొదలైందో, దగ్గు ఎప్పుడు మొదలైందో, కళ్లె పడుతోందా, పడుకుంటే ఆయాసం వస్తోందా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా, బీపీ ఎంతుందో చెప్పండి. పెదవులు, నాలుక, ముఖం వాస్తే మాత్రం ఫోన్ కోసం ఆగవద్దు. తరువాతి మాత్ర వేయకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

అరండల్‌పేట వాసి: ఫోన్ చేశాము. నాన్నగారికి షుగరుతో పాటు మూత్రంలో ప్రొటీన్ ఉందని పాత రిపోర్టులో చూసి, రామిప్రిల్ బదులు టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు వేయమన్నారు, కొద్ది వారాల తరువాత క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు రాశారు. దగ్గు పోవడానికి ఒకటి నుంచి నాలుగు వారాలు, కొందరికి మూడు నెలల దాకా పట్టవచ్చన్నారు. ఇప్పటికి కొంత తగ్గింది. అయితే మాత్ర మారిన సమయంలోనే యార్డుకు వేసవి సెలవులు ఇచ్చారు, నాన్నగారు మిర్చి టిక్కీల దగ్గరకు వెళ్లడం లేదు. తగ్గింది మాత్ర మారినందుకా, ఘాటు తప్పినందుకా అన్నది యార్డు తెరిచాకే తెలుస్తుంది.

పటమట రావు: అప్పుడు తప్పక రాయండి. మాత్రను మనంతట మనం ఆపకూడదన్న మాట మీద నాకు ఇంకా పూర్తి ఏకీభావం లేదు, కానీ ప్రొటీన్ సంగతి నేను ఆలోచించలేదు.