హ్యూస్టన్‌కి కొత్తగా వచ్చాం: బియ్యం, కారం, నూనె వేటిలో పోసుకోవాలి?

హ్యూస్టన్, కొత్తగా వచ్చినవాళ్లం:
అందరికీ నమస్తే. పోయిన వారమే అపార్ట్‌మెంట్‌లో దిగాం, ఇద్దరమే. ఇండియన్ స్టోర్‌లో 20 పౌండ్ల సోనా మసూరి బస్తా, కందిపప్పు, గ్యాలన్ వేరుశనగ నూనె క్యాన్ కొన్నాం. అమ్మ పట్టించి ఇచ్చిన గుంటూరు కారం రెండు కిలోలుంది. ఇక్కడ ఉక్క చూస్తే అన్నీ పాడైపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. గాజు సీసాలు కొనాలా, స్టీలు డబ్బాలా, ప్లాస్టిక్ చాలా?

కేటీ నుంచి:
అన్నిటికీ గాజే అమ్మా, ఇంకో మాట లేదు. ప్లాస్టిక్ డబ్బాని ఆరు నెలలకొకసారి పారేయాలని ఇక్కడ రూల్ కూడా ఉంది. నేను నూనె దగ్గర్నుంచి ఆవాల దాకా అన్నీ తెల్ల గాజు సీసాల్లో పోసి స్టవ్ పక్కన షెల్ఫ్‌లో పేర్చుకుంటాను. చూడముచ్చటగా ఉంటుంది, ఎంత మిగిలిందో కనిపిస్తుంది.

షుగర్‌ల్యాండ్ నుంచి:
అక్కా, అలాంటి రూల్ ఏదీ లేదండి. పగుళ్లు వచ్చినా, వాసన పట్టేసినా మార్చుకోవాలి, అంతే. ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ డబ్బా బియ్యానికీ పప్పుకీ బాగానే ఉంటుంది. కారం, ఇంగువ, మసాలాలకి మాత్రం వద్దు. వాటి వాసన, రంగు ప్లాస్టిక్‌కి పట్టేసి ఎంత కడిగినా పోవు, తర్వాత అందులో పోసిన పంచదార కూడా కారం వాసనే వస్తుంది.

బియ్యం విషయంలో డబ్బా దేనితో చేశారన్నదాని కంటే మూత ఎలా ఉందన్నది ముఖ్యం. ముక్కు పురుగు గింజకి రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి, ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. కాబట్టి బయటికి శుభ్రంగా కనిపించే బస్తాలో కూడా గుడ్లు ఉండొచ్చు. వాటిని ఎంత ఖరీదైన డబ్బాలో పోసినా లోపలే పొదుగుతాయి. అందుకని ముందు ఫ్రీజర్‌లో పెట్టాలి. జీరో ఫారెన్‌హీట్‌లో నాలుగు రోజులుంచితే గుడ్లు కూడా చచ్చిపోతాయి. బస్తా మొత్తం ఒకేసారి పెడితే మధ్యదాకా చలి చేరడానికి చాలాసేపు పడుతుంది, ఐదేసి పౌండ్ల సంచులుగా చేసుకోండి. బయటికి తీశాక బియ్యం గది వేడికి వచ్చేదాకా సంచి మూతి విప్పొద్దు. చల్లటి గింజకి హ్యూస్టన్ గాలి తగిలితే చెమ్మ పడుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది.

డాలస్ నుంచి:
స్టీలు డబ్బాలు ఇండియా నుంచే తెచ్చుకోండి, ఇక్కడ రేట్లు చాలా ఎక్కువ. ఒకదాంట్లో ఒకటి పెట్టి మధ్యలో బట్టలు కుక్కితే సూట్‌కేస్‌లో చోటు వృథా కాదు. చెకింగ్‌లో ఎవరూ ఏమీ అనరు.

న్యూజెర్సీ నుంచి:
పురుగుల మాట వచ్చింది కాబట్టి మాకు జరిగింది చెప్తాను, కొత్తవాళ్లకి పనికొస్తుంది. వంటగదిలో సాయంత్రాలు చిన్న చిన్న చిమ్మటలు ఎగిరేవి. తర్వాత గోడకీ సీలింగ్‌కీ మధ్య మూలల్లో సన్నటి తెల్ల పురుగులు పాకడం మొదలైంది. లీజింగ్ ఆఫీసుకి చెప్తే మనిషిని పంపి మందు కొట్టించారు. ఆ తర్వాత ఆ బిల్లు మా అద్దెలో కలిపారు. ఇల్లు శుభ్రంగా ఉంచుకోలేదని లెటర్ కూడా పెట్టారు! మా ఆవిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వంటగదిలో ఒక్క మెతుకు కూడా పడి ఉండనిచ్చే మనిషి కాదు.

చివరికి షెల్ఫ్‌లో ఉన్నవన్నీ టేబుల్ మీద పెట్టి ఒక్కొక్కటీ విప్పాం. సీల్ తియ్యని సన్నరవ్వ ప్యాకెట్‌లో, ప్లాస్టిక్‌కి లోపలివైపు గూడు కట్టి ఉంది, రవ్వ ఉండలుగా సాలెపట్టులో వేలాడుతోంది. కవర్‌కి గుండుసూది మొనంత చిల్లులు. అక్కడి నుంచి పక్కన ఉన్న గాజు సీసాల్లోకి కూడా వెళ్లాయి. మూత తిప్పి బిగించేవే, కానీ రబ్బరు రింగు లేదు. ఆ మర చుట్ల వెంబడే లోపలికి పాకాయి, రెండు సీసాల మర సందుల్లో గూళ్లు కనిపించాయి. ఫోటోలు తీసి ఆఫీసుకి పంపి, స్టోర్ నుంచి వచ్చిన సరుకులోనే ఉన్నాయని వాదించాం. సగం డబ్బు వెనక్కి ఇచ్చారు. అసలు పురుగుల మందు ఖర్చు ఎప్పుడైనా ఓనరే పెట్టుకోవాలి, అది చట్టం.

షుగర్‌ల్యాండ్ నుంచి:
అన్నా, అది మీ దగ్గర ఎలాగో గానీ టెక్సస్‌లో లీజులో ఏం రాసుంటే దాన్ని బట్టే మాట్లాడతారు. కొత్తవాళ్లు ముందు ఆ పేరా చదువుకోండి. మీరు చెప్పిన మర సందుల సంగతి మాత్రం బంగారంలాంటి మాట. మన స్టీలు డబ్బా మూతలు ఇంకా వదులు. రబ్బరు రింగు ఉన్నవే కొనండి, గాజైనా స్టీలైనా సరే.

కేటీ నుంచి:
మా అమ్మ కందిపప్పుకి ఆముదం పట్టించి పెట్టేది, ఏడాదంతా ఒక్క పురుగు లేదు. బియ్యంలో బిర్యానీ ఆకు వేస్తే చాలు.

డాలస్ నుంచి:
ఆముదం నిజమే, మేమూ చేస్తాం. బిర్యానీ ఆకుతో నాకైతే ఏ తేడా కనిపించలేదు.

కేటీ నుంచి:
మా ఇంట్లో కనిపించింది.

షుగర్‌ల్యాండ్ నుంచి:
ఏ ఆకైనా గింజ లోపల ఉన్న గుడ్డుని చంపదు. కొంతమంది బోరిక్ పౌడర్ కలుపుతారు. అది విషం, దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

ఇక నూనె. కేటీ అక్కా, కోపం తెచ్చుకోకండి, తెల్ల గాజు, స్టవ్ పక్క, ఈ రెండూ నూనెకి శత్రువులే. వెలుతురు, వేడి, గాలి, ఈ మూడే నూనెని కనరెక్కిస్తాయి. స్టీలు క్యాన్ మంచిదే. ఇనుము, రాగి, ఇత్తడి గిన్నెల్లో మాత్రం నూనె నిల్వ ఉంచొద్దు, ఆ లోహాలు పని ఇంకా తొందర చేస్తాయి.

కొత్తగా వచ్చిన చెల్లెమ్మా, మీది గ్యాలన్ క్యాన్, అంటే నాలుగు లీటర్లకి కొంచెం తక్కువ. ఇద్దరికి నెలకి లీటరు అనుకుంటే నాలుగు నెలలు వస్తుంది. క్యాన్ విప్పి అలాగే వాడుకుంటూ పోతే మూడో నెలకి క్యాన్‌లో సగానికి పైగా గాలే ఉంటుంది. అందుకని విప్పిన రోజే నాలుగు ముదురు రంగు లీటరు సీసాల్లో పోయండి. మూడింటిని మెడదాకా నింపి బిగించి, స్టవ్‌కి దూరంగా కింది అరలో చీకట్లో పెట్టండి. కొంచెం వెలితిగా ఉండే నాలుగోది ముందు వాడండి. అది ఖాళీ అయ్యాకే ఇంకోటి తీయాలి. పాత నూనె మీద కొత్తది ఎప్పుడూ పోయొద్దు, అడుగున ఉన్న కాస్త పాతనూనె కొత్తదాన్ని కూడా తొందరగా పాడు చేస్తుంది. సీసా కడిగితే పూర్తిగా ఆరాకే నింపండి.

పాడైందో లేదో సీసా మూతి చెప్తుంది. అక్కడ కారిన చుక్క గమ్‌లా జిగటగా గట్టిపడితే అనుమానించండి. చెంచాడు నూనె గోరువెచ్చగా చేసి వాసన చూడండి. వేరుశనగ వాసన పోయి పెయింట్ వాసన వస్తే పారేయండి. ఫ్రిజ్‌లో పెడితే వేరుశనగ నూనె గడ్డకట్టినట్టు మసకబారుతుంది, అది చెడిపోవడం కాదు. నువ్వుల నూనె అంత తొందరగా కనరెక్కదు, దాన్ని కాపాడే గుణం కొంత ఆ గింజలోనే ఉంది.

కేటీ నుంచి:
నేను ముప్పై ఏళ్లుగా అలాగే పెడుతున్నాను, మా నూనె ఎప్పుడూ పాడవలేదు.

డాలస్ నుంచి:
మీరు పది రోజులకే సీసా ఖాళీ చేస్తారు కదా ఆంటీ, అందుకే.

హ్యూస్టన్, కొత్తగా వచ్చినవాళ్లం:
అందరికీ చాలా థాంక్స్. ఒక్కటి అడుగుతాను. మా ఫ్రీజర్ చిన్నది. కారం రెండు కిలోలూ, బియ్యం సంచులూ కలిపి పట్టవు. ఏది ముందు పెట్టాలి?

షుగర్‌ల్యాండ్ నుంచి:
బియ్యం ముందు, రెండేసి సంచులు చొప్పున. నాలుగు రోజులయ్యాక తీసేయొచ్చు, తర్వాత దానికి ఫ్రీజర్ అవసరం లేదు. ఈలోగా కారాన్ని చిన్న చిన్న గాజు సీసాల్లో నింపి చీకట్లో పెట్టండి. చోటు ఖాళీ అవగానే, వాడుకునే సీసా ఒకటి బయట ఉంచుకుని మిగతావి ఫ్రీజర్‌లోకి మార్చండి, రంగూ ఘాటూ నిలుస్తాయి. సీసాని ఉడుకుతున్న కూర మీద వంచి చల్లొద్దు, ఆవిరి తగిలి ఉండలు కడుతుంది. పొడి చెంచాతో పక్కకి తీసుకుని వేసుకోండి.