గ్రూప్ వీడియో అసైన్‌మెంట్ గురించి పిల్లలకు ఉత్తరం రాశాను, చూసి చెప్పండి

లాకుల దగ్గర టీచర్
కోనసీమలో హైస్కూల్లో సోషల్ చెబుతానండి. తొమ్మిదో తరగతిలో 42 మంది. ఆరుగురు చొప్పున ఏడు గ్రూపులు చేసి "మా చేలోకి నీళ్లు ఎలా వస్తున్నాయి" అని వీడియో తీయించాలి. దాళ్వా పంట అవగానే కాలువలకి నీళ్లు కట్టేస్తారు, ఆ తర్వాత తీస్తే ఎండిన కాలువే కనిపిస్తుంది, కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టాలి. పోయినేడు నోటితో చెప్పి వదిలేస్తే నాలుగు గ్రూపుల్లో ఒక్కొక్కరే మొత్తం చేశారు, మిగతావాళ్లు చివర్లో పేర్లు వేయించుకున్నారు. అది నాకు చాలా బాధేసింది. ఈసారి రాసి ఇస్తున్నాను:

"పిల్లలూ, వీడియో 8 నుంచి 10 నిమిషాలు ఉండాలి. లీడర్, స్క్రిప్ట్, యాంకర్, కెమెరా, ఎడిటింగ్, సమాచారం, ఇలా ఒక్కొక్కరు ఒక్కో బాధ్యత తీసుకోండి. మొత్తం 20 మార్కులు: విషయం 5, యాంకరింగ్ 5, ఎడిటింగ్ 5, టీమ్‌వర్క్ 5. అందరూ కలిసి పని చేయాలి."

ఇది సరిపోతుందా?

బీఈడీ భీమవరం
టీమ్‌వర్క్ మార్కులు మీరు వేయకండి మేడం. ఎవరు పని చేశారో పిల్లలకే తెలుసు, ఒకరికొకరు వేసుకోమనండి. ట్రైనింగ్‌లో మేం అలాగే చేశాం, బాగా కుదిరింది.

ఇద్దరాడపిల్లల అమ్మ
ఇలాంటి వాటికి ఫోన్ కొనాలా అండీ? మా పెద్దదానికి పోయిన సంవత్సరం ఇలాగే ఇచ్చారు. వాళ్ల గ్రూపులో మంచి ఫోన్ ఉన్నది మా ఇంట్లోనే, అది కూడా వాళ్ల నాన్నది, ఆయన చెరువు మీద నుంచి రాత్రి తొమ్మిదికి వచ్చాక గానీ దాని చేతికి దొరికేది కాదు. మూడు రాత్రులు పన్నెండు దాకా కూర్చుని ఎడిటింగ్ అదే చేసింది. మార్కులు మాత్రం అందరికీ ఒకటే.

ఇరవై రెండేళ్ల మాస్టారు
అమ్మా, మేడం ఎవరినీ ఫోన్ కొనమనడం లేదు. కానీ మీరు చెప్పిన సంగతే ఈ ఉత్తరంలో ఉన్న అసలు లోపం. ఎడిటింగ్‌కి 5 మార్కులంటే ఎవరింట్లో మంచి ఫోనుంటే వాళ్లకి 5 వచ్చినట్టే. మనం చెప్పేది సోషల్, వీడియో మాట వినపడేలా, బొమ్మ కనపడేలా ఉంటే చాలు.

టీమ్‌వర్క్ 5 కూడా తీసేయండి మేడం. పూర్తయిన వీడియో చూసి ఎవరు కష్టపడ్డారో చెప్పడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. పిల్లల చేత వేయిస్తే స్నేహితులంతా ఒకరికొకరు అయిదుకి అయిదు వేసేసుకుంటారు, ఎవరితోనూ కలవని పిల్లవాడికి రెండు పడతాయి. రెండేళ్లు చేసి మానేశాను. ఇప్పుడు 12 మార్కులు గ్రూపుకి, 8 ఎవరివి వాళ్లకి. ఆ ఎనిమిదిలో 4 తన బాధ్యతకి సంబంధించిన ఒక పేజీకి, 4 వీడియో వేశాక నేనడిగే ఒక్క ప్రశ్నకి. ప్రతి బాధ్యత పక్కన "నువ్వు ఏం ఇవ్వాలి" అని ఉత్తరంలోనే రాయాలి. కెమెరా పట్టినవాడు ఏ రోజు, ఎక్కడ, ఏం తీశాడో రాసిన పేజీ ఇస్తాడు. సమాచారం తెచ్చిన పిల్ల ప్రతి సంగతీ ఎవరు చెప్పారో, ఏ పుస్తకంలో చదివిందో రాసి ఇస్తుంది. లీడర్ అనే బాధ్యతే వద్దు, ఇచ్చేందుకు వాడి దగ్గర కాగితం ఏమీ ఉండదు. దాని బదులు "ప్రశ్నలడిగేవారు" పెట్టండి, కాలువ నీళ్లు చూసుకునే లస్కర్ని గానీ నీటి సంఘంలో ఉన్న రైతుని గానీ కలిసి మాట్లాడాలి.

ఇక నిడివి. పది నిమిషాలైతే ఏడు గ్రూపులకి చూడ్డానికే 70 నిమిషాలు, ప్రశ్నలకి టైం ఏది? నాలుగు నిమిషాల వీడియో, ఆరుగురికి ఆరు నిమిషాల ప్రశ్నలు, అంటే గ్రూపుకి పది. 45 నిమిషాల పీరియడ్‌లో నాలుగు గ్రూపులు, మర్నాడు మూడు. మా పిల్లలు కెమెరా ముందు నిమిషానికి 80, 90 మాటలు చెబుతారు, కాబట్టి స్క్రిప్ట్ 300 మాటలు దాటొద్దని కూడా రాయండి. నిమిషాల లెక్క పిల్లలకి అందదు, మాటల లెక్క అందుతుంది.

లాకుల దగ్గర టీచర్
మాస్టారూ, ఆ ఒక్క ప్రశ్న ఎలాంటిది అడుగుతారు? బట్టీ పట్టి చెప్పేస్తే?

ఇరవై రెండేళ్ల మాస్టారు
వాళ్ల వీడియోలోంచే అడుగుతాను. ఒకసారి ఒక గ్రూపు ధవళేశ్వరం వెళ్లి బ్యారేజీ గేట్లు చక్కగా తీసుకొచ్చి, దాని మీద "1852లో కాటన్ దొర కట్టిన ఈ గేట్లు" అని చెప్పారు. కాటన్ పని 1847లో మొదలై 1852కి పూర్తయింది, నిజమే, కానీ అది ఆనకట్ట. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ పూర్తయింది 1982లో. యాంకర్‌ని "ఈ గేట్లు మీ తాతగారు చిన్నప్పుడు చూసి ఉంటారా?" అని అడిగా. వాడు తడబడ్డాడు. సమాచారం తెచ్చిన పిల్ల లేచి తన పేజీ చూపించింది, అందులో ఆనకట్ట, బ్యారేజీ వేరువేరుగానే రాసుంది. స్క్రిప్ట్ రాసినవాడు రెండూ కలిపేశాడు. గ్రూపుకి విషయంలో రెండు మార్కులు తగ్గాయి, ఆ పిల్లకి మాత్రం నాలుగుకి నాలుగూ వేశాను. ఆ కాగితం లేకపోతే అందరితో పాటు దానికీ తగ్గేవి.

బీఈడీ భీమవరం
నేను చెప్పింది మేం పెద్దవాళ్లం కాబట్టి కుదిరిందేమో, పిల్లల దగ్గర ఆలోచించలేదు. అయినా "నా గ్రూపులో ఎవరు ఏం చేశారు" అని రెండు వాక్యాలు రాయించి మార్కులు వేయకుండా ఉంచుకుంటే మీకే ఉపయోగం కదా?

ఇరవై రెండేళ్ల మాస్టారు
అది బాగుంది. రాయించండి.

గట్టు మీద కెమెరా
పెళ్లి వీడియోలు తీస్తాను, ఒక్క మాట. కాలువ గట్టు మీద గాలి ఫోన్ మైకులో బరబరమని పడి మాట వినపడదు. బొమ్మ గట్టు మీద తీయమనండి, మాట తర్వాత గదిలో తలుపులేసి రికార్డ్ చేసి కలపమనండి. ఎవరితోనైనా మాట్లాడించేటప్పుడు ఫోన్ మూరెడు దూరంలో ఉండాలి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే మసకబారుతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. లాకు గేట్లు ఎక్కి తీయొద్దని మాత్రం గట్టిగా రాయండి, నేను చూశాను ఎక్కడం.

లాకుల దగ్గర టీచర్
మార్చి రాశాను:

"పిల్లలూ, మీ చేలోకి గానీ పక్కవాళ్ల చేలోకి గానీ వచ్చే నీరు ఏ కాలువది, ఏ లాకు దాటి వస్తుంది, ఎవరు వదులుతారు అనేది నాలుగు నిమిషాల్లో చూపించాలి. స్క్రిప్ట్ 300 మాటలు దాటకూడదు. సమాచారం, ప్రశ్నలడగడం, స్క్రిప్ట్, మాట్లాడటం, కెమెరా, వీడియో కలపడం, ఈ ఆరు పనుల్లో ఒక్కొక్కరికి ఒకటి. ఎవరి పని గురించి వాళ్లు ఒక పేజీ చేత్తో రాసి ఇవ్వాలి.

గ్రూపుకి 12 మార్కులు: చెప్పింది నిజమా, ఎక్కడ తెలిసింది 6, వరుసగా అర్థమయ్యేలా ఉందా 3, మాట స్పష్టంగా వినపడుతోందా 3. మీకు విడిగా 8: మీ పేజీకి 4, క్లాసులో నేనడిగే ప్రశ్నకి 4. ఎఫెక్టులకి, పాటలకి మార్కులు లేవు. ఫోన్ లేని గ్రూపు నా ఫోన్ శనివారం మధ్యాహ్నం స్కూల్లో వాడుకోవచ్చు.

పెద్దవాళ్లు లేకుండా కాలువ దగ్గరికి వెళ్లొద్దు, గేట్లు ఎక్కొద్దు. ఎవరినైనా తీసేముందు అడగండి. ఫైల్ పేరు `9A_G3.mp4` లాగా మీ సెక్షన్, గ్రూపు నంబరుతో పెట్టండి."

ఇద్దరాడపిల్లల అమ్మ
శనివారం మాట బాగుందండీ. కానీ మధ్యలో ఒక పిల్ల పది రోజులు జ్వరంతో రాకపోతే ఆ పని ఎవరు చేయాలి, దాని 8 మార్కులు ఏమవుతాయి?

ఇరవై రెండేళ్ల మాస్టారు
నేనైతే పని మిగతావాళ్లకి పంచి, ఆ పిల్ల వచ్చాక వీడియో చూపించి ప్రశ్న మాత్రం అడిగి ఆ నాలుగునే ఎనిమిదికి లెక్కేస్తాను. అది న్యాయం కాదని మా స్కూల్లోనే ఒకరు ఒప్పుకోరు, పేజీ కూడా రాయించాలంటారు.

లాకుల దగ్గర టీచర్
సోమవారం ఇస్తున్నాను. ఆ సంగతి పిల్లల్నే అడిగి, వాళ్లేమంటారో ఇక్కడ రాస్తాను.