ఆచంద్రార్కం అంటే ఎంత?

నర్సంపేట టీచర్: అందరికీ నమస్కారం. మా తాత పెట్టెలో ఒక కాగితం దొరికింది. 1987లో మా ఊరి శివాలయానికి 2,000 రూపాయలు ఇచ్చి రాయించుకున్నది. అందులో ఉన్న వాక్యం ఇది: "సదరు రొక్కముపై నూటికి రూపాయి మిత్తి చొప్పున వచ్చు సొమ్ముతో ప్రతి కార్తీక పౌర్ణమికి అభిషేకము, పులిహోర ప్రసాదము ఆచంద్రార్కముగా జరిపించవలెను." నాకు రెండు సందేహాలు. ఒకటి, 'ఆచంద్రార్కం'ని ఎట్లా విడదీయాలి? రెండు, ఎన్నటికీ ఆగని పూజకు సరిగ్గా రెండు వేలే ఎందుకు? వెయ్యో, ఐదు వేలో ఎందుకు కాదు? మొన్న గుడికి పోయి అడిగితే "ఆ పైసలతోని ఏమొస్తది టీచరమ్మా" అని నవ్వారు.

మంచిర్యాల తమ్ముడు: ఆ చంద్రుడు, ఆ అర్కుడు. అర్కుడు అంటే సూర్యుడు. వాళ్లిద్దరి సాక్షిగా అని అర్థం అక్కా.

పరకాల తెలుగు సార్: అర్కుడు సూర్యుడే, అది సరే. 'ఆ' మాత్రం చూపించే 'ఆ' కాదు తమ్మీ. ఆమరణం, ఆసేతుహిమాచలం, ఆబాలగోపాలం, వీటిలో ఉన్న 'ఆ'. 'వరకు' అని అర్థం. సమాసం అవ్యయీభావం. చంద్రుడూ సూర్యుడూ ఉన్నంత వరకు అని. సాక్షి అనే భావం వేరే చోట వస్తుంది గాని ఈ మాటలో లేదు. శాసనాల్లో ఇది అరిగిపోయిన మాట, దానం ఉన్న చోటల్లా కనిపిస్తుంది. మీ తాతగారి కాగితం రాసినాయన పాత దస్తావేజులు చూసినవాడై ఉంటాడు. ఆచంద్రార్కం, మిత్తి ఒకే వాక్యంలో పడటం నాకు భలే నచ్చింది. నిఘంటువు తీస్తే మిత్తి అంటే మృత్యువు. మనకేమో వడ్డీ.

మంచిర్యాల తమ్ముడు: మరి రెండు వేల లెక్క నేను చెప్తా. ఎన్నటికీ ఆగని చెల్లింపు ఖరీదు కట్టాలంటే ఏటా ఇచ్చేదాన్ని వడ్డీ రేటుతో భాగించాలి. డిగ్రీలో చదివిన. పూజ ఖర్చు అప్పట్లో ఎంత అక్కా?

నర్సంపేట టీచర్: కాగితం వెనక పద్దు ఉంది. బియ్యం, చింతపండు, నూనె, పాలు, పూజారి దక్షిణ అన్నీ కలిపి 240.

మంచిర్యాల తమ్ముడు: అయితే 240ని ఒక శాతంతో భాగిస్తే 24,000. మీ తాత 22,000 తక్కువ ఇచ్చిండు. గుడివాళ్లు నవ్వింది అందుకే.

కరీంనగర్ బ్యాంకు సార్ (రిటైర్డ్): సూత్రం సరిగ్గానే పట్టుకున్నవు, రేటు దగ్గర జారినవు. నూటికి రూపాయి అంటే నెలకు రూపాయి. మన దిక్కు మిత్తి ఎప్పుడూ నెల లెక్కే. పూజ ఏడాదికి ఒకసారి. కాబట్టి రేటునూ ఏడాదికి మార్చాలి, 12 శాతం. 240ని 0.12తో భాగించు. సరిగ్గా 2,000. తాతగారు పైసా తక్కువ ఇయ్యలేదు, పైసా ఎక్కువ ఇయ్యలేదు. తిప్పి చూసినా అంతే: రెండు వేలకు నెలకు 20 మిత్తి, పన్నెండు నెలలకు 240, అది పూజకు పోతుంది. అసలు ముట్టరు. మళ్లీ ఏడాది మళ్లీ 240. ఇందులో ఒక చిన్న షరతు ఉంది, మొదటి పూజ సొమ్ము ఇచ్చిన ఏడాదికి జరగాలి. ఇచ్చిన రోజే మొదటి అభిషేకం కావాలంటే ఇంకో 240 విడిగా ఇయ్యాలె.

మంచిర్యాల తమ్ముడు: తప్పు ఒప్పుకున్న సార్. కానీ అంతు లేని పూజలకు రెండు వేలు సరిపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడతలేదు. వందేళ్లకే 24,000 అవుతుంది కదా.

కరీంనగర్ బ్యాంకు సార్: వందేళ్ల తర్వాతి 240కి ఇప్పుడు 240 పక్కన పెట్టనక్కర లేదు కదా. 12 శాతం చక్రవడ్డీకి ఈరోజు పైసాలో మూడో వంతు వేసినా అప్పటికి 240 దాటుతుంది. ఏటేటి పూజకూ ఈనాటి ఖరీదు విడిగా కట్టి కూడితే మొదటి ఇరవై పూజలకే సుమారు 1,793 రూపాయలు తేలుతాయి. ఇరవై ఒకటో పూజ నుంచి సూర్యచంద్రులు ఉన్నంత వరకు జరగాల్సిన వాటన్నిటి ఖరీదు 207 రూపాయలు.

పరకాల తెలుగు సార్: ఆచంద్రార్కం 207 రూపాయలా! ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన, ఈ అర్థం ఏ నిఘంటువులో చూడలేదు.

హుజూరాబాద్ అన్న: ఇదంతా కాగితం మీద బాగనే ఉంటది. మా దగ్గర ఎకరం కౌలు ఏడాదికి 15,000. భూమి కూడా ఆచంద్రార్కమే కదా, కౌలు ఆగేది లేదు. మీ సూత్రం ప్రకారం డిపాజిట్ మిత్తి 7 శాతం అనుకుని దానితో 15,000ని భాగిస్తే ఎకరం రెండు లక్షల పదిహేను వేల లోపే. నాకు రెండు లక్షలకు ఎకరం ఇప్పించండి సార్, పదెకరాలు తీసుకుంట. రోడ్డు పక్కన 30 లక్షలకు తక్కువ అడుగుతలేరు.

కరీంనగర్ బ్యాంకు సార్: మంచి ప్రశ్న అన్నా, కొసకు వస్త. ముందు టీచరమ్మ పూజ సంగతి తేల్చాలి. అమ్మా, ఇప్పుడు అదే పూజకు ఎంత అడుగుతున్నరు?

నర్సంపేట టీచర్: 3,500.

కరీంనగర్ బ్యాంకు సార్: 38 ఏళ్లలో 240 కాస్తా 3,500. అంటే ఏటా ఏడు శాతం పైచిలుకు పెరిగినట్టు. తాతగారి లెక్కలో తప్పు భాగహారంలో లేదు, 240 ఎన్నటికీ 240గానే ఉంటుందని అనుకోవడంలో ఉంది. ఖర్చు ఏటా 7 శాతం పెరుగుతుందని అప్పుడే అనుకుని ఉంటే, 12లోంచి 7 తీసేసి మిగిలిన 5 శాతంతో 240ని భాగించాలి. 4,800 వస్తుంది. ఇది ఎట్లా నడుస్తదో చూడండి. 4,800కు మొదటి ఏడాది మిత్తి 576. పూజకు 240 పోతే 336 మిగులుతుంది. దాన్ని తినకుండా అసలులో కలపాలి, 5,136 అవుతుంది. రెండో ఏడాది మిత్తి సుమారు 616, పూజ 257. మిగిలిన 359 మళ్లీ అసలులోకి. పూజ ఖర్చు ఏడు శాతం పెరుగుతుంటే అసలు కూడా అదే ఏడు శాతం పెరుగుతూ వెంట నడుస్తుంది. శాశ్వతం అంటే అసలు ముట్టకపోవడం ఒక్కటే కాదు, మిత్తిలో సగానికి పైగా కూడా ముట్టకపోవడం.

జగిత్యాల అక్క: సార్, మా ఆయన పోయినంక నాకు వచ్చే ఫ్యామిలీ పింఛను కూడా ఇదే లెక్కనా? ఆచంద్రార్కం వస్తదా?

కరీంనగర్ బ్యాంకు సార్: అక్కా, అది మీరు ఉన్నన్ని రోజులు. దానికి ఆయుష్షు లెక్క కావాలి, ఈ భాగహారం పని చేయదు. మీకు పింఛను మాత్రం ఆగదు, టెన్షన్ పడకండి.

మంచిర్యాల తమ్ముడు: సార్, ఇప్పుడు టీచరక్క కొత్తగా కట్టాలంటే ఎంత కావాలె?

కరీంనగర్ బ్యాంకు సార్: ఇక్కడే అసలు ఇబ్బంది. డిపాజిట్ మీద 7 శాతం వస్తుందనుకుందాం. ఖర్చు పెరగదు అనుకుంటే 3,500 భాగించు 0.07, యాభై వేలు. ఏటా 4 శాతం పెరుగుతుందంటే మిగిలేది 3 శాతం, లక్షా పదహారు వేల పైన. 6 శాతం పెరుగుతుందంటే మూడున్నర లక్షలు. పెరుగుదలే 7 శాతం అయితే కింద సున్నా మిగులుతుంది, భాగహారమే లేదు, ఎంత డబ్బు ఇచ్చినా శాశ్వతం కాదు. ఒక్కొక్క శాతం దగ్గర ధర ఎట్లా ఎగురుతుందో చూశారా? అందుకే ఈ సూత్రంతో ఎవరైనా ఒకే ఒక్క అంకె చెప్తే నమ్మకండి, ఏ రేటు, ఏ పెరుగుదల అని అడగండి. హుజూరాబాద్ అన్న భూమిదీ ఇదే కథ. 30 లక్షలకు 15,000 అంటే అర శాతం. కొనేవాడు కౌలు కోసం కొంటలేడు, పెరుగుతదన్న ఆశకు ధర కడుతున్నడు.

హుజూరాబాద్ అన్న: ఆశకు ధర ఎట్ల కట్టిండ్రు మరి? దానికేం సూత్రం లేదా?

(దీనికి ఎవరూ జవాబు రాయలేదు.)

పరకాల తెలుగు సార్: ఈ లెక్క చూశాక నాకు ఒక విషయం వెలిగింది. తమిళ దేశంలో చోళుల శాసనాల్లో నందాదీపానికి గొర్రెలు దానం ఇచ్చేవారు, దీపానికి 90 లేదా 96. వాటికి 'చావా మూవా పేరాడు' అని పేరు. చావనివి, ముసలివి కానివి. గొర్రెలు చావకుండా ఎట్లా ఉంటయి? కాపరి తీసుకుని మంద నడుపుకుంటాడు, పిల్లలు పుడుతుంటయి, ముసలివి పోతుంటయి, లెక్క మాత్రం తగ్గొద్దు. రోజూ దీపానికి కొలత ప్రకారం నెయ్యి పొయ్యాలె. అంటే మంద అసలు, నెయ్యి మిత్తి. నెయ్యి ధర ఎంత పెరిగినా దీపానికి ఏమీ కాదు, ఎందుకంటే మిత్తి వచ్చేదే నెయ్యి రూపంలో. మన దగ్గర కాకతీయుల కాలంలో గుళ్లకు ఊళ్లు, చెరువు కింది పొలాలు ఇచ్చారు. పొలం నుంచి వచ్చేది వడ్లు, నైవేద్యానికి కావాల్సిందీ వడ్లే. 'ఆచంద్రార్కం' అనే మాట అక్కడ నిలిచింది పొలాల మీద, మందల మీద. తాతగారు దాన్ని తెచ్చి రొక్కం మీద పెట్టారు. మాట అదే గాని కింది నేల మారింది.

కరీంనగర్ బ్యాంకు సార్: బ్యాంకులో ఇన్నేళ్లు చేసిన, మంద లెక్క తట్టలేదు సార్. ఇంకో సంగతి. బ్రిటిష్ ప్రభుత్వం 18వ శతాబ్దంలో కన్సాల్స్ అని గడువు లేని బాండ్లు తెచ్చింది, వడ్డీ మాత్రమే, అసలు ఎప్పుడిస్తదో తేదీ లేదు. కానీ కావాలంటే తీర్చేసే హక్కు తన దగ్గర పెట్టుకుంది. వడ్డీ రేట్లు బాగా పడిపోయిన 2015లో మిగిలినవన్నీ తీర్చేసింది. తీసుకున్నవాడి చేతిలో ఆపే హక్కు ఉంటే ఆచంద్రార్కం వాడి ఇష్టం వరకే.

పరకాల తెలుగు సార్: అందుకే శాసనం చివర శాపం ఉంటుంది. 'స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం'. తాను ఇచ్చినదైనా, పరులు ఇచ్చినదైనా భూమిని హరిస్తే అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. అప్పటి ఆడిట్ అది. తాతగారి కాగితంలో శాపం ఉందా?

నర్సంపేట టీచర్: లేదు సార్. అసలు ఎవరి దగ్గర ఉంచాలో కూడా రాయలేదు. ఇంటికి పోయి చిన్నాయనను అడిగిన. ఆ రెండు వేలు మొదట ఊళ్లో కిరాణం కొట్టాయన దగ్గర మిత్తికి ఉండెనట, కొన్నేళ్లు పూజ జరిగిందట. ఆయన కొట్టు ఎత్తేస్తూ అసలు తిరిగి ఇచ్చేస్తే, అప్పటి పెద్దమనుషులు దానికి ఇంకొంత కలిపి గుడికి మైకు సెట్టు కొన్నారట. ఆ మైకు ఇప్పటికీ పని చేస్తుంది. మొన్న అభిషేకం టికెట్టు 3,500 అని అందులోనే చెప్పారు.