జపాన్ ఏసీ రిమోట్: మోడ్, ఫ్యాన్, టైమర్ ఎలా పెట్టుకుంటున్నారు?

కొత్తిల్లు_టోక్యో: నిషి కసాయ్‌లో అద్దెకు దిగాం. ఏసీ ఓనర్‌దే, రిమోట్ మీద ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు. అమ్మ వచ్చింది. పడుకునేటప్పుడు చల్లగా ఉండాలి, కాసేపటికి దానంతట అదే ఆగాలి, తెల్లవారుజామున మళ్ళీ ఆన్ కావాలి. 風量 బటన్ ఎంత నొక్కినా ఫ్యాన్ స్పీడ్ మారట్లేదు. మీరెలా పెడుతున్నారు?

గుంటూరు_కిరణ్: బొమ్మలు చూసుకుంటే చాలు బ్రో. మంచు గుర్తు కూలింగ్, సూర్యుడు వేడి, నీటిచుక్క డ్రై. నేను కొన్న చైనా రిమోట్ మీద 制冷 అని ఉంటుంది, దాన్ని నొక్కితే చల్లబడుతుంది. ఏ దేశానిదైనా అంతే.

ఒసాకా_సుబ్బు: అంతే కాదు. ఇక్కడ చాలా రిమోట్ల మీద బొమ్మలే ఉండవు. 冷房 చల్లదనానికి, 暖房 వేడికి, 除湿 తేమ లాగడానికి, 停止 ఆపడానికి. మొదటి రెండిట్లో చివరి అక్షరం ఒకటే, మొదటిది చూసి నొక్కండి. నా మాట విని వానల నెలంతా 除湿 లోనే వదిలేయండి, కరెంటు బిల్లు సగమవుతుంది.

ఏసీ_రావు: సుబ్బు గారూ, ఈ "సగం" మాట చెప్పి జనాన్ని తప్పుదారి పట్టించకండి. 除湿 రెండు రకాలు. ఒకటి మెల్లగా చల్లబరుస్తూ తేమ లాగుతుంది, దానికి కరెంటు తక్కువే. రెండోది తేమ లాగిన చల్లగాలిని మళ్ళీ వెచ్చబెట్టి వదులుతుంది, గది చల్లబడదు గానీ కూలింగ్ కంటే ఎక్కువ తాగుతుంది. మీ మిషన్ ఏ రకమో చూడకుండా బిల్లు గురించి ఎలా చెప్తారు?

ఒసాకా_సుబ్బు: నా బిల్లు నా చేతిలో ఉంది సార్. మీరు థియరీ చెప్తున్నారు.

ఏసీ_రావు: థియరీ కాదు, రోజూ ఇవే మిషన్లు విప్పేవాణ్ణి. మీది మొదటి రకం అయ్యుంటుంది, బిల్లు తగ్గింది, సంతోషం. పక్కింటాయనది రెండో రకమైతే ఆయన బిల్లు మీరు కడతారా?

లలిత_యొకొహామా: మీ గొడవ పక్కన పెట్టండి. మా ఆయన 28 కంటే తగ్గించనివ్వడు, ప్రభుత్వం చెప్పిందంటాడు. 2005లో ఇక్కడి పర్యావరణ శాఖ వేసవిలో ఏసీ వాడకం తగ్గించమంటూ కూల్ బిజ్ ప్రచారం మొదలుపెట్టినప్పుడు చెప్పింది గదిలో ఉండాల్సిన వేడి గురించి, రిమోట్ మీద అంకె గురించి కాదు. గోడకి థర్మామీటర్ తగిలించి చూపించాను. రిమోట్‌లో 28 ఉన్నా గదిలో 30 ఉంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది చాలా ముఖ్యం.

ఏసీ_రావు: లలిత గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కొత్తిల్లు గారూ, స్పీడ్ మారట్లేదంటే స్క్రీన్ మీద 除湿 ఉందేమో చూడండి. చాలా మోడళ్ళలో ఆ మోడ్‌లో స్పీడ్ మిషనే నిర్ణయిస్తుంది. 冷房 నొక్కి 27 పెట్టి, తర్వాత 風量 నొక్కండి. 自動, అంటే ఆటో, వచ్చాక నొక్కడం ఆపేయండి. బిల్లు తగ్గుతుందని చాలామంది తక్కువ స్పీడ్, అంటే 弱 పెడతారు, దానివల్ల గది చల్లబడటం ఆలస్యమై కంప్రెసర్ ఎక్కువసేపు పనిచేస్తుంది. గాలి మొహం మీద కొడుతుంటే స్పీడ్ తగ్గించకుండా 風向 తో రెక్క పైకి తిప్పండి.

కొత్తిల్లు_టోక్యో: అవును రావు గారూ, 除湿 లోనే ఉంది! ఇప్పుడు మారుతోంది. మరి టైమర్?

ఏసీ_రావు: ముందు గడియారం సరిచేయండి. బ్యాటరీలు మార్చాక చాలా రిమోట్లలో టైం పోతుంది. 午前 అంటే పొద్దున, 午後 అంటే మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. ఇది తారుమారైతే పొద్దున 5కి పెట్టింది సాయంత్రం ఆన్ అవుతుంది. తర్వాత ఆగడానికి 切タイマー నొక్కి 3 గంటలు తెచ్చుకోండి. ఆన్ కావడానికి 入タイマー, 午前 5:30. 予約 అనే బటన్ ఉంటే చివర్లో అది కూడా నొక్కాలి, లేకపోతే అంకెలు మినుకుమని పోతాయి. మిషన్ మీద టైమర్ లైటు వెలిగితేనే కుదిరినట్టు. కొన్ని మోడళ్ళు గది ఆ టైంకల్లా చల్లబడాలని ముందే మొదలవుతాయి, కంగారు పడొద్దు.

లలిత_యొకొహామా: ఆపాక కూడా గాలి వస్తుంటే భయపడకండి. 内部クリーン ఆన్‌లో ఉంటే లోపల తడి ఆరేదాకా నడుస్తుంది. మా అత్తగారు ప్లగ్ పీకేసేవారు. పీకనివ్వకండి, లోపల బూజు పడుతుంది.

గుంటూరు_కిరణ్: నా రిమోట్‌లో టైమర్ బటన్ ఒక్కటే ఉంది. ఆన్‌కా, ఆఫ్‌కా?

కొత్తిల్లు_టోక్యో: 切 బాగా పనిచేసింది, అమ్మ హాయిగా పడుకుంది. కానీ 入 పెట్టగానే 切 మాయమవుతోంది.

ఏసీ_రావు: కొన్నిటికి ఒకసారికి ఒక టైమరే. మిషన్ అడుగున స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుంది, పెట్టండి, చూసి చెప్తా. అప్పటిదాకా 切 ఉంచండి, పొద్దున చేత్తో ఆన్ చేసుకోండి.

ఒసాకా_సుబ్బు: ఆగస్టు బిల్లు రాగానే ఇక్కడ పెడతాను రావు గారూ, అప్పుడు మాట్లాడుకుందాం.